పామాయిల్ తోట, వరి చేలో పనికొచ్చేవాళ్ళకి పాముకాటు, కందిరీగలు, ఎలుక జ్వరం: రైతుగా ముందే ఏం సిద్ధం చేసుకోవాలి?

తోట శ్రీను (ద్వారకా తిరుమల దగ్గర) | మే 24, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. మాకు పామాయిల్ తోట, దాని కిందుగా కాలవ పక్కన వరి చేలు ఉన్నాయి. గెలలు కోసే ముఠా ఒకటి, రాలిన పండ్లు ఏరే ఆడవాళ్ళు, నాట్లకి వచ్చే ఒడిశా బ్యాచ్, అంతా కలిపి సీజన్‌లో ఇరవై మంది పైనే ఉంటారు. ఒడిశా వాళ్ళు మా మోటార్ షెడ్డులోనే పడుకుంటారు.

పోయిన వానాకాలం మా పక్క తోటలో జరిగింది చెప్తాను. పొద్దున్న పదింటప్పుడు ఒకావిడ చెట్టు మొదట్లో పండ్లు ఏరుతుంటే చూపుడు వేలికి ఏదో గుచ్చుకుంది. మట్ట ముల్లే అనుకుంది, ఎందుకంటే ఆ ముళ్ళు రోజూ గుచ్చుకునేవే. చెయ్యి దులుపుకుని పని చేసుకుంది. మధ్యాహ్నానికి మణికట్టు దాకా వాచింది, సాయంత్రానికి మోచెయ్యి దాటింది. నోరు పుక్కిలిస్తే ఎర్రగా వచ్చింది. అప్పుడు గాని పాము సంగతి ఎవరికీ తట్టలేదు. ఆస్పత్రికి చేరేసరికి రాత్రి తొమ్మిది. ప్రాణం దక్కింది గానీ కిడ్నీలు దెబ్బతిని చాలాసార్లు డయాలసిస్ చేశారు. ఇప్పటికీ పనికి రావడం లేదు.

ఈసారి నా తోటలో అలా జరగకూడదు. పాము మందు కొని ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకుందాం అనుకుంటున్నాను. అందరికీ గమ్ బూట్లు కొంటాను. ఎలుక జ్వరానికి కూడా మాత్రలు ఉన్నాయంటున్నారు. ఇంకేం కావాలి? ఖర్చుకి వెనకాడను, కానీ ఉపయోగం లేనిదాని మీద పెట్టడం ఇష్టం లేదు.

క్యాజువాలిటీ డాక్టర్ | మే 24, ఉదయం 9:15

శ్రీను గారూ, పాము మందు కొని ఇంట్లో పెట్టే ఆలోచన మాత్రం మానేయండి. అది సూది గుచ్చి వదిలేసే మందు కాదు. మొదటి విడతలోనే ఎనిమిది నుంచి పది వయల్స్ సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కిస్తాం. గుర్రాల రక్తం నుంచి తయారైన మందు కాబట్టి కొందరికి ఎక్కించిన కాసేపటికే ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం, బీపీ పడిపోవడం జరుగుతుంది. అప్పుడు అడ్రినలిన్ ఇచ్చి నిలబెట్టడానికి పక్కన మనిషి ఉండాలి. కరిచిన ప్రతి పామూ విషం ఎక్కించదు కూడా. విషం ఎక్కిన గుర్తులు చూసి మాత్రమే మందు మొదలుపెడతాం. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇది ఉచితం.

మీ పక్క తోట ఆవిడ విషయం మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే అది రక్తపింజరి కాటులా ఉంది. దాని విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని తినేస్తుంది. మేం చేసే పరీక్ష చాలా సింపుల్. కొత్త గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టి, తర్వాత ఒంచి చూస్తాం. గడ్డకట్టకుండా నీళ్ళలా కారితే మందు మొదలు. ఆరు గంటలకి మళ్ళీ అదే పరీక్ష, అప్పటికీ గడ్డకట్టకపోతే ఇంకో విడత.

పదింటికి కాటు పడి రాత్రి తొమ్మిదింటికి వచ్చారు. ఆ పదకొండు గంటల్లో విషం కిడ్నీల దాకా వెళ్ళిపోయింది. మందు రక్తంలో తిరుగుతున్న విషాన్ని కట్టేస్తుంది, అంతే. అప్పటికే దెబ్బతిన్న కిడ్నీని బాగుచెయ్యలేదు. ఆవిడకి గడ్డకట్టడం సరిపోయాక కూడా డయాలసిస్ కావలసి రావడం అందుకే. పదకొండింటికే వచ్చి ఉంటే కథ వేరుగా ఉండే అవకాశం చాలా ఉంది.

కాబట్టి మీరు సిద్ధం చెయ్యాల్సింది ఆ పదకొండు గంటల్ని గంటకి తగ్గించే ఏర్పాటు. ఈ వారంలోనే మీకు దగ్గర్లో ఉన్న పీహెచ్‌సీకి, ఏరియా ఆస్పత్రికి వెళ్ళి మూడు విషయాలు అడగండి. పాము మందు ఇప్పుడు స్టాకులో ఎన్ని వయల్స్ ఉంది? రాత్రిపూట ఇచ్చే డాక్టర్ ఉంటారా? వెంటిలేటర్ ఉందా? మూడూ ఉన్న చోటు ఏదో తేలాక, తోట నుంచి అక్కడికి బండి మీద ఎంతసేపు పడుతుందో ఒకసారి వెళ్ళి చూడండి.

ఆర్ఎంపీ ప్రసాద్ | మే 24, ఉదయం 11:02

డాక్టర్ గారు చెప్పింది నిజమే. నేను పల్లెలో చాలా ఏళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్నాను. బ్లేడుతో కొయ్యడం, నోటితో పీల్చడం ఇప్పుడు మా వైపు ఎవరూ చెయ్యడం లేదు. కానీ ఆస్పత్రికి పంపే ముందు కాటుకి పైన ఒక కట్టు మాత్రం తప్పకుండా వెయ్యాలి. లేకపోతే విషం గుండెకి ఎక్కిపోతుంది. టీటీ ఇంజెక్షన్, నొప్పికి ఒక డైక్లోఫెనాక్ వేసి పంపిస్తే దారిలో కాస్త ఓర్చుకుంటారు.

క్యాజువాలిటీ డాక్టర్ | మే 24, మధ్యాహ్నం 1:30

ప్రసాద్ గారూ, కొయ్యనివ్వకుండా పంపిస్తున్నందుకు సంతోషం. కానీ ఆ రెండూ వద్దు. రక్తపింజరి కాటులో తాడు బిగిస్తే విషం అంతా ఆ చేతిలోనే నిలబడి కండ కుళ్ళిపోతుంది. వేళ్ళు తీసేయాల్సిన పరిస్థితి నేను చూశాను. పైగా అలా కట్టినా విషం ఆగిపోదు. డైక్లోఫెనాక్ ఇంకా ప్రమాదం. రక్తం గడ్డకట్టని మనిషికి కండలోకి సూది వేస్తే అక్కడ రక్తం గూడు కడుతుంది, పైగా ఆ మందు కిడ్నీలకి భారం. నొప్పికి పారాసిటమాల్ మాత్ర చాలు. టీటీ రక్తం గడ్డకట్టడం సరిపోయాక ఆస్పత్రిలో వేస్తాం.

చెయ్యాల్సింది ఇది. కాటు పడిన చెయ్యికి ఒక కర్రచెక్క ఆనించి, కదలకుండా గుడ్డతో వదులుగా చుట్టండి. విరిగిన చెయ్యికి కడతాం చూశారా, అలాగ. ఉంగరం, గాజులు, మెట్టెలు అప్పుడే తీసెయ్యండి, వాపు వస్తే తర్వాత రావు. మనిషిని నడవనివ్వద్దు. బైకు మీదైతే మధ్యలో కూర్చోబెట్టి వెనకాల ఒకరు పట్టుకోవాలి.

ఇంకో మాట. ఎవరైనా అప్పటికే గట్టిగా కట్టేసి ఉంటే దారిలో మీరు విప్పొద్దు. ఒక్కసారి విప్పితే నిలబడిన విషం ఒక్కసారిగా పైకి వస్తుంది. ఆస్పత్రిలో మందు రెడీ చేసుకుని విప్పుతాం.

గోదారి కుర్రాడు | మే 24, సాయంత్రం 5:48

మా ఇంటి వెనక పెరట్లో పాములు తిరుగుతున్నాయి. గంధకం పొడి, ఫినాయిల్ చల్లితే రావంటున్నారు, నిజమేనా? ఎక్కడ దొరుకుతుంది?

విశ్రాంత ఏఈవో (వ్యవసాయ శాఖ) | మే 24, సాయంత్రం 6:20

బాబూ, ఇక్కడ అడుగుతున్నది తోటల్లో కూలీల గురించి. అయినా చెప్తాను, ఫినాయిల్‌కి పాము ఆగదు. పెరట్లో ఎలుకలు, కట్టెల గుట్టలు, రాళ్ళ కుప్పలు లేకుండా చూసుకోండి.

శ్రీను గారికి కూడా మొదట చెప్పేది అదే. పామాయిల్ తోటలో పాము ఎందుకుంటుంది? రాలిన పండ్ల కోసం ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము వస్తుంది, నరికిన మట్టల గుట్టలో రెండూ కాపురం పెడతాయి. అదే ఎలుక ఉచ్చతో వరి చేలో నీళ్ళలోకి ఎలుక జ్వరం క్రిమి చేరుతుంది. అంటే ఎలుకల మీద పెట్టిన డబ్బు రెండు పక్కలా పనిచేస్తుంది.

బ్రోమాడియోలోన్ ఎర కలిపే పద్ధతి: నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, మందు పొడి 2 పాళ్ళు. మొదటి రోజు కన్నాలన్నీ మట్టితో మూసెయ్యాలి. రెండో రోజు మళ్ళీ తెరుచుకున్నవే ఎలుక ఉన్న కన్నాలు. వాటిల్లోనే పది, పదిహేను గ్రాముల పొట్లం కన్నం లోపలికి పెట్టాలి. బయట పడేస్తే కోళ్ళు, పిట్టలు తింటాయి. మందు కలిపేవాళ్ళు గ్లోవ్స్ వేసుకోవాలి. చచ్చిన ఎలుకల్ని చేత్తో ముట్టకుండా పారతో ఎత్తి లోతుగా పూడ్చాలి. మీరొక్కరే చేస్తే వారానికే పక్క చేలోంచి వస్తాయి. ఆయకట్టంతా ఒకే రోజు, నారుమడి దశలో చేస్తేనే ఫలితం. ఇంకా మంచిది, యానాదుల్ని పిలిచి బుట్టలు పెట్టించండి. వాళ్ళ చేతికి దొరికినన్ని ఎలుకలు మందుకి దొరకవు.

జొహోర్ రావు (మలేషియా) | మే 24, రాత్రి 9:05

నేను ఇక్కడ ఆయిల్ పామ్ ఎస్టేటులో సూపర్‌వైజర్‌ని. మా ఎస్టేట్లలో ఎలుకలకి తెల్ల గుడ్లగూబల పెట్టెలు పెడతారు. ఐదు నుంచి పది హెక్టార్లకి ఒక పెట్టె, ఎత్తైన స్తంభం మీద. పిల్లల్ని పెంచే రోజుల్లో ఒక జంట రాత్రికి చాలా ఎలుకల్ని పడుతుంది. ఒకటే షరతు, పెట్టె పెట్టిన చోట ఎలుకల మందు ఆపాలి. మందు తిన్న ఎలుకని తింటే పిట్ట కూడా చస్తుంది.

పండ్లు ఏరేవాళ్ళ గురించి ఒక మాట. ఇక్కడ చేత్తో ఏరనివ్వరు. పొడుగు పిడి ఉన్న చిన్న రేకుతో ముందు దగ్గరికి లాగి, తర్వాత ఎత్తుతారు. ఆ రేకు వెల్డింగ్ షాపులో ఎవరైనా చేసిస్తారు. మీ పక్క తోట ఆవిడ చేతిలో అది ఉంటే వేలు చెట్టు మొదట్లోకి వెళ్ళేదే కాదు.

మేస్త్రి రాంబాబు | మే 25, ఉదయం 5:55

గుడ్లగూబల్ని తోటలో పెడతానంటే మా ముఠా వాళ్ళు సగం మంది రారు సార్, అరిష్టం అంటారు. రేకు మాట మాత్రం బాగుంది.

కోతలో మాకు పాము కన్నా కందిరీగల భయమే ఎక్కువ. కొడవలి కర్ర పైకెత్తి మట్ట లాగుతాం, అందులో తుట్టె ఉంటే కింద నించున్న మనిషి మీదే పడతాయి. మావాడొకడికి నాలుగే కుట్టాయి. కుట్టిన పది నిమిషాలకి పెదాలు వాచి, గొంతు బిగుసుకుపోయి, కళ్ళు తిరిగి పడిపోయాడు. అంతకు ముందు ఇంకొకడికి యాభై దాకా కుడితే సున్నం రాసుకుని ఇంటికెళ్ళాడు. వాడికేమో రెండో రోజు ఉచ్చ కాఫీ రంగులో వచ్చింది. ఇదెందుకు ఇలా?

క్యాజువాలిటీ డాక్టర్ | మే 25, ఉదయం 8:10

రాంబాబు గారూ, ఆ ఇద్దరిదీ వేర్వేరు జబ్బు. మొదటివాడిది అలెర్జీ. అతనికి ఒక్కటి కుట్టినా అంతే అవుతుంది, ఇంకోసారి ఇంకా తొందరగా అవ్వచ్చు. అతన్ని గెల కింద నిలబెట్టకండి. గొంతు బిగుసుకోవడం, ఊపిరాడకపోవడం, పడిపోవడం కనిపిస్తే నిమిషాల్లో కావలసింది అడ్రినలిన్, పెద్దవాళ్ళకి అర మిల్లీలీటరు, తొడ బయటి పక్క కండలోకి. అవిల్, డెకడ్రాన్ వేసి కూర్చుంటే సరిపోదు. విదేశాల్లో పెన్నులా గుచ్చుకునే ఇంజెక్షన్ దొరుకుతుంది, ఇక్కడ మన షాపుల్లో దొరకడం కష్టం. తోటకి దగ్గర్లో ఉండే ఏఎన్ఎం దగ్గర అడ్రినలిన్ ఉందా, వేయడం వచ్చా అని శ్రీను గారు పీహెచ్‌సీలో అడిగి ఉంచుకోవాలి. అలా పడిపోయిన మనిషిని లేపి కూర్చోబెట్టకండి. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టండి. ఊపిరి అందక కూర్చుంటానంటే మాత్రం కూర్చోనివ్వండి.

రెండోవాడిది విషం మోతాదు. యాభై కుట్లంటే చాలా విషం. అది కండల్ని కరిగిస్తే ఆ కరిగిందంతా కిడ్నీలో అడ్డం పడి ఉచ్చ రంగు మారుతుంది. మొదటి రోజు బాగానే ఉన్నాడని ఇంటికి పంపితే రెండో రోజు ముంచుతుంది. ఇరవై, ముప్పై దాటి కుడితే బాగున్నట్టు కనిపించినా ఆస్పత్రిలో ఉంచి రక్తపరీక్ష చేయించాల్సిందే. తేనెటీగ అయితే ముల్లు ఒంట్లోనే ఉండిపోయి ఇంకా విషం కక్కుతూ ఉంటుంది. గోటితోనో, ఏటీఎం కార్డుతోనో వెంటనే గీకెయ్యాలి. ఎలా తీశామన్నది కాదు, ఎంత తొందరగా తీశామన్నదే ముఖ్యం. కందిరీగ ముల్లు వదలదు.

కోతకి ముందు ఒక మనిషి వరస మొత్తం తిరిగి పైకి చూసి, తుట్టె ఉన్న చెట్టుకి ఎర్ర గుడ్డ కట్టాలి. ఆ చెట్టు ఆ రోజు కొయ్యకూడదు.

దివిసీమ లక్ష్మి | మే 25, ఉదయం 10:40

అందరూ మందులు, పరికరాలు చెప్తున్నారు. నేను కూలి కుటుంబం నుంచి వచ్చినదాన్ని, మా అమ్మ ఇప్పటికీ నాట్లకి, మినుము తీతకి వెళ్తుంది. మా దివిసీమలో వానాకాలం వస్తే అవనిగడ్డ ఆస్పత్రికి పాముకాటు కేసులు వరస కడతాయి. 2018లో ఎంత భయం పట్టుకుందంటే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గుళ్ళో సర్పశాంతి యాగం కూడా చేశారు. అక్కడ పుట్టి పెరిగినదాన్నిగా చెప్తున్నాను, శ్రీను గారి పక్క తోట ఆవిడ పదింటి నుంచి సాయంత్రం దాకా ఎందుకు ఊరుకుందో నాకు అర్థమవుతుంది. ముల్లు అనుకోవడం ఒక్కటే కారణం కాకపోవచ్చు. పని మధ్యలో ఆగితే ఆ రోజు కూలి పోతుంది. ఆటోకి ఎవరిస్తారు? ఆస్పత్రిలో ఒక రాత్రి ఉంచితే తోడున్నవాళ్ళ కూలి కూడా పోతుంది. తీరా పాము కాదని తేలితే ఇంత హడావుడి చేసిందని నలుగురూ అంటారు. మంత్రం వేసే ఆయన అయితే పక్క వీధిలోనే, డబ్బు కూడా అడగడు.

అందుకే ముందు చెయ్యాల్సింది ఇది: మొదటి రోజు పని మొదలుపెట్టే ముందు అందరి ఎదుటా చెప్పండి. ఏది గుచ్చుకున్నా, కుట్టినా వెంటనే చెప్పాలి, బండి ఖర్చు మాది, ఆ రోజు కూలి పూర్తిగా ఇస్తాం, తోడు వెళ్ళినవాళ్ళకి కూడా ఇస్తాం, పాము కాదని తేలినా సరే ఇస్తాం. ఈ ఒక్క మాట లేకపోతే మీరు ఎన్ని కొన్నా అవి గదిలోనే ఉంటాయి.

గమ్ బూట్ల గురించి. నాట్లలో మోకాలి దాకా బురద ఉంటుంది. బూటు వేస్తే కాలు వస్తుంది, బూటు అక్కడే ఉంటుంది. అమ్మ వాళ్ళు ఒక్క పూట కూడా వేసుకోరు. తోటలో మట్టలు సర్దేవాళ్ళకి, నీళ్ళు పెట్టేవాళ్ళకి కొనండి. మా దగ్గర ఎక్కువ కాట్లు దమ్ము చేసిన మడిలో కాదు, గట్ల మీద నడిచేటప్పుడు, మినుము కుప్పలు ఎత్తేటప్పుడు. కూలీలు దిగే ముందు గట్టు మీద గడ్డి కోయించండి. కుప్పల్ని కర్రతో ఒకసారి దొర్లించాకే చెయ్యి పెట్టనివ్వండి.

మేస్త్రి రాంబాబు | మే 25, మధ్యాహ్నం 12:15

లక్ష్మమ్మా, నువ్వు చెప్పింది న్యాయమే. కానీ ఆ కూలి ఎవరివ్వాలి? రైతు మాకు ఎకరానికి ఇంత అని గుత్త ఇస్తాడు. మనిషి పడిపోతే రైతు మేస్త్రి వైపు చూస్తాడు, మేస్త్రి రైతు వైపు చూస్తాడు. ఆస్పత్రి అయ్యాక ఇంటికాడ నెల రోజులు పడుకుంటే ఆ నెల సంగతేంటి?

తోట శ్రీను | మే 25, మధ్యాహ్నం 2:30

నా తోటలో జరిగితే ఆ రోజు కూలి, బండి, తోడు నావి. అది మాట. నెల రోజుల సంగతి అంటే రాంబాబు గారూ, నిజం చెప్తున్నాను, నాకూ తెలియడం లేదు. గుత్తలోనే మనిషికి కొంత పక్కన పెట్టుకుందామా? మీ ముఠాతో మాట్లాడి చెప్పండి.

బ్యాంక్ మిత్ర, నిడదవోలు | మే 25, మధ్యాహ్నం 3:10

అందరికీ ప్రధానమంత్రి సురక్ష బీమా చేయించండి. ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళకి, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. పాముకాటు మరణానికి కూడా వస్తుంది. ఎఫ్ఐఆర్ లేకపోయినా, కాటు పడిన వెంటనే ఆస్పత్రిలో చేరినట్టు రికార్డు ఉంటే చాలు. మంత్రగాడి దగ్గరికి వెళ్ళి ఇంట్లో చనిపోతే ఆ రికార్డు ఉండదు, కుటుంబానికి ఏమీ రాదు. జూన్ 1 నుంచి మే 31 దాకా ఒక ఏడాది లెక్క, కాబట్టి ఈ వారమే చూసుకోండి. ఒడిశా వాళ్ళకి వాళ్ళ ఊరి బ్యాంకు ఖాతాలోనే ఉందేమో అడగండి. రాంబాబు గారు అడిగిన నెల రోజుల కూలికి మాత్రం ఇది పనికిరాదు.

క్యాజువాలిటీ డాక్టర్ | మే 25, రాత్రి 10:20

శ్రీను గారూ, మొదటి పోస్టులో మీరు ఒక ముక్క అని వదిలేశారు, ఒడిశా వాళ్ళు షెడ్డులో పడుకుంటారని. నేల మీదేనా? అయితే నాకు తోటలో కన్నా అక్కడే ఎక్కువ టెన్షన్.

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద పడుకున్న మనిషి పక్కకి చేరి, అటూ ఇటూ దొర్లినప్పుడు కరుస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున మనిషి కడుపునొప్పి అంటాడు, గొంతు నొప్పి అంటాడు, వాంతి చేసుకుంటాడు. అందరూ రాత్రి తిన్నది పడలేదనుకుంటారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మింగలేడు, మాట ముద్దగా వస్తుంది, తర్వాత ఊపిరి కండరాలు ఆగిపోతాయి. అప్పటికి వెంటిలేటర్ ఉన్న చోట ఉంటే రోజుల తరబడి యంత్రం మీద ఉన్నా నిలబడి ఇంటికి నడిచి వెళ్తాడు. లేకపోతే లేదు. ఆస్పత్రిలో వెంటిలేటర్ ఉందా అని అడగమన్నది ఇందుకే. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి కళ్ళు తెరవలేకపోతుంటే, ఒంటి మీద గాటు వెతక్కుండా బండెక్కించండి.

దీనికి పరిష్కారం మందులో లేదు, మంచంలో ఉంది. మడత మంచాలు, వాటికి దోమతెర, తెర అంచులు పరుపు కిందకి దోపాలి. మంచాలు కుదరకపోతే నేల మీదైనా దోమతెర చాప కిందకి పూర్తిగా దోపి పడుకోవాలి. షెడ్డులో బియ్యం, పశువుల దాణా పెట్టకండి, వాటికోసం ఎలుకలు వస్తాయి. బయటికి వెళ్ళడానికి మనిషికో టార్చి. గమ్ బూట్లకి పెట్టే డబ్బు ముందు ఇటు పెట్టండి.

ఆర్ఎంపీ ప్రసాద్ | మే 26, ఉదయం 7:30

ఎలుక జ్వరం సంగతి ఎవరూ తేల్చలేదు. దానికి డాక్సీసైక్లిన్ ఉంది కదా. నాట్ల నెలంతా రోజూ ఒకటి వేయించేస్తే గొడవ వదిలిపోతుంది. మాత్ర ధర కూడా ఎంతో కాదు.

దివిసీమ లక్ష్మి | మే 26, ఉదయం 8:45

మా అమ్మకి వచ్చింది అదే, కానీ చాలా ఆలస్యంగా తెలిసింది. నాట్లు అయిపోయిన తర్వాత వారానికి జ్వరం. తలనొప్పి, ఒళ్ళంతా నొప్పులు, ముఖ్యంగా పిక్కలు పట్టుకుంటే అరిచేది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ పుసి లేదు. టైఫాయిడ్ పరీక్ష, డెంగ్యూ పరీక్ష చేశారు, రెండూ లేవన్నారు. ప్లేట్‌లెట్లు తగ్గాయి. నొప్పులకి రెండు ఇంజెక్షన్లు వేశారు. ఐదో రోజుకి కళ్ళు పచ్చబడ్డాయి. అందరూ పచ్చకామెర్లు అని పసరు పోయించారు, ఉప్పు మాన్పించారు. ఉచ్చ రావడం తగ్గాక గాని పెద్దాస్పత్రికి తీసుకెళ్ళలేదు. అక్కడ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, పొలం నీళ్ళలో దిగిందా అని. అంతకు ముందు ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

క్యాజువాలిటీ డాక్టర్ | మే 26, మధ్యాహ్నం 1:50

లక్ష్మి గారు రాసింది ఈ చర్చలో అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సిన పోస్టు. ఎలుక ఉచ్చలో ఉండే ఆ క్రిమి నిలవ నీళ్ళలో బతుకుతుంది. కాళ్ళకి ఉన్న గీతల్లోంచి, నాని మెత్తబడిన చర్మంలోంచి లోపలికి వెళ్తుంది. జ్వరం రావడానికి మామూలుగా ఐదు నుంచి పద్నాలుగు రోజులు, ఒక్కోసారి నెల దాకా పడుతుంది. అప్పటికి నాట్లు అయిపోతాయి, మనిషి ఇంకో ఊళ్ళో ఉంటాడు. పరీక్ష కూడా మొదటి నాలుగైదు రోజుల్లో చేస్తే లేదనే వస్తుంది, ఎందుకంటే అది రక్తంలో యాంటీబాడీల్ని చూస్తుంది, అవి అప్పటికి తయారు కావు. కాబట్టి వరి నీళ్ళలో పనిచేసిన మనిషికి జ్వరం, పిక్కల నొప్పి, ఎర్ర కళ్ళు ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెడతాం. పెద్దవాళ్ళకి డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, వారం రోజులు. ముదిరితే ఆస్పత్రిలో పెన్సిలిన్ లేదా సెఫ్ట్రియాక్సోన్. నొప్పి ఇంజెక్షన్లు ఇక్కడ కూడా కిడ్నీని ముంచుతాయి ప్రసాద్ గారూ.

ముందు జాగ్రత్తగా వేసే మాత్ర రోజూ కాదు. వారానికి ఒకసారి 200 మిల్లీగ్రాములు, ఎక్కువ రిస్కు ఉన్న రోజుల్లో ఆరు వారాల దాకా. అండమాన్‌లో దీన్ని పరీక్షించి చూసినప్పుడు జబ్బు పడినవాళ్ళు తగ్గారు గానీ క్రిమి సోకడం మాత్రం ఆగలేదు. అంటే మాత్ర వేసుకున్నవాళ్ళకి కూడా జ్వరం వస్తే పట్టించుకోవాల్సిందే. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి, చిన్నపిల్లలకి ఇవ్వకూడదు. నాట్లు వేసేవాళ్ళలో సగం మంది వయసులో ఉన్న ఆడవాళ్ళు, నెల తప్పిన సంగతి మేస్త్రికి చెప్పరు. అందుకే ఇది రైతు పంచిపెట్టే మాత్ర కాదు. పీహెచ్‌సీ డాక్టర్ని పిలిచి, ఆశా వర్కర్ ఒక్కొక్కరినీ విడిగా అడిగి ఇస్తేనే సరి. అన్నం తిని, గ్లాసెడు నీళ్ళతో వేసుకోవాలి, వెంటనే పడుకోకూడదు, లేకపోతే గొంతు గొట్టంలో పుండు పడుతుంది.

మీ ఊళ్ళో అంత రిస్కు ఉందా, అందరికీ ఇవ్వాలా అన్నది మీ పీహెచ్‌సీ డాక్టరే చెప్పగలరు. నేనైతే అక్కడ కేసులు వచ్చిన ఊరైతేనే ఇస్తాను. నా సహోద్యోగులు కొందరు ఏటా ఇవ్వాలంటారు. మీరు మాత్రం గట్టు మీద ఒక డ్రమ్ము మంచినీళ్ళు, సబ్బు పెట్టండి. మడి దిగి రాగానే కాళ్ళు, చేతులు కడిగి, అన్నం తర్వాత. కాలికి తెగిన గాయం ఉన్నవాళ్ళకి ఆ వారం మడి పని కాకుండా నారు మోసే పని ఇవ్వండి. ప్లాస్టర్ వేసినా బురదలో అరగంట నిలవదు.

తోట శ్రీను | మే 28, రాత్రి 8:35

పీహెచ్‌సీకి వెళ్ళొచ్చాను. అక్కడ పాము మందు ఉంది కానీ రాత్రి డాక్టర్ ఉండరు. ఏరియా ఆస్పత్రిలో వెంటిలేటర్ ఉంది, బండి మీద ముప్పై ఐదు నిమిషాలు. 108 వచ్చే దాకా ఆగాలా, మా బొలెరోలో వెళ్ళాలా అని అడిగితే ఫోన్ చేస్తూనే బయల్దేరమన్నారు, దారిలో కలిసిన చోట మార్చుకోవచ్చన్నారు. రాత్రిపూట తాళాలు షెడ్డు దగ్గరే ఉంచి, డ్రైవింగ్ వచ్చిన ఒకరిని అక్కడే పడుకోమన్నాను. మంచాలు, దోమతెరలు ఆర్డర్ పెట్టాను. పండ్లు ఏరే రేకులు వెల్డింగ్ షాపులో చెప్పాను. మాత్రల సంగతి డాక్టర్ గారు ఆలోచించి చెప్తానన్నారు.

ఒక్కటి మిగిలింది. ఒడిశా వాళ్ళు నాట్లు కాగానే ఇంటికి వెళ్ళిపోతారు, జ్వరం అక్కడ వస్తుంది. అక్కడి డాక్టరుకి చూపించడానికి ఒక చీటీ ఇచ్చి పంపుదామనుకుంటున్నాను. ఒడియాలో రాసిపెట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

బరంపురం వాణి | మే 28, రాత్రి 9:50

మేం బరంపురంలో ఉండే తెలుగువాళ్ళం, నాకు ఒడియా రాయడం వచ్చు. చీటీలో ఏముండాలో డాక్టర్ గారు తెలుగులో పెడితే రేపే రాసి ఫోటో పెడతాను.

క్యాజువాలిటీ డాక్టర్ | మే 28, రాత్రి 11:05

ఇలా రాయండి వాణి గారూ. "ఈ మనిషి ఆంధ్రలో ఫలానా తేదీ దాకా వరి మడి నీళ్ళలో పనిచేశాడు. ఆ తేదీ నుంచి నెల రోజుల లోపు జ్వరం వస్తే లెప్టోస్పైరోసిస్ అనుమానించండి. పిక్కల నొప్పి, ఎర్ర కళ్ళు, పచ్చ కళ్ళు, ఉచ్చ తగ్గడం ఉన్నాయేమో చూడండి. నొప్పి ఇంజెక్షన్లు ఇవ్వకండి." కింద శ్రీను గారి ఫోన్ నంబర్ రాయడానికి ఖాళీ ఉంచండి, తేదీ చేత్తో వేసుకుంటారు. చదువు రానివాళ్ళకి ఇచ్చేటప్పుడు నోటితో కూడా చెప్పండి, జ్వరం వస్తే ఈ కాగితం డాక్టరు చేతికివ్వమని.